పౌర్ణమి నాడు ఇంటర్వ్యూ పడితే

మా సోలాపూర్‌లో పండుగలు రెండు రకాలు. అడక్కుండానే సుట్టి దొరికేవి కొన్ని, నోరు తెరిచి అడుక్కోవాల్సినవి కొన్ని. ఉగాది మొదటి రకం. మనకు ఉగాది అయిన నాడే మహారాష్ట్రవాళ్లకు గుడి పాడ్వా, కాబట్టి పుణెలో ఆఫీసులు కూడా మూస్తారు. దసరా, దీపావళి గురించి చెప్పక్కర్లేదు. సంక్రాంతికి మా ఊళ్లో సిద్ధేశ్వరుడి గడ్డా యాత్ర జరుగుతుంది. సోలాపూర్ అనగానే ఆ యాత్ర గుర్తొచ్చేవాళ్లు పుణెలో ఎక్కడికెళ్లినా ఒకరిద్దరు తగులుతారు. చిక్కంతా శ్రావణ పౌర్ణమితోనే. లోకానికి అది రాఖీ, మరాఠీవాళ్లకు నారళీ పౌర్ణమి. మా పద్మశాలీలకు అది మార్కండేయ మహర్షి రథోత్సవం. పొద్దున కొత్త జంధ్యం వేసుకోవడంతో మొదలై, రథం వెనక నడిచి ఇల్లు చేరేసరికి ఏ రాత్రో అవుతుంది. కంపెనీల సుట్టీల పట్టికలో ఇది కనపడదు. కనపడినా "రాఖీయే కదా, సాయంత్రం కట్టుకోవచ్చు" అంటారు.

2024లో ఆ పౌర్ణమి ఆగస్టు 19, సోమవారం నాడు పడింది. మా అమ్మాయికి పుణె ఆఫీసులో ఆఖరి రౌండు ఇంటర్వ్యూ కూడా అదే సోమవారం, పొద్దున 11 గంటలకు. ఆ వారం మా ఇంట్లో జరిగిందంతా రాస్తున్నాం. మన ఇళ్లల్లో పిల్లలకు ఏటా ఇట్లాంటిది ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది కదా.

దానికంటే ముందు మా పెద్దోడి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ వారమంతా మా నెత్తి మీద కూర్చున్నది అదే. 2016లో పౌర్ణమి గురువారం వచ్చింది. వాడికి అదే రోజు ఫోన్ ఇంటర్వ్యూ పెట్టారు. పండుగ అంటే "వీడికి ఉద్యోగం మీద ధ్యాస లేదు" అనుకుంటారని మేమే భయపడ్డాం. "జ్వరమని చెప్పు బిడ్డా, జ్వరానికి ఎవరూ కాదనరు" అని సలహా ఇచ్చింది కూడా మేమే. వాడు అట్లాగే చెప్పాడు. ఆ రిక్రూటర్ మంచి మనిషి. సాయంత్రం నాలుగింటికి ఆమే ఫోన్ చేసింది, ఒంట్లో ఎట్లా ఉంది, రేపు ఒక పది నిమిషాలు మాట్లాడగలరా అని అడగడానికి. వాడు అప్పుడు రథం ముందర ఉన్నాడు. వెనక డోళ్లు, తాషాలు, పిల్లల కేకలు. ఏం చెప్పాలో తెలియక "హాస్పిటల్ బయట ఉన్నానండీ" అన్నాడట. ఆమె "సరే, జాగ్రత్త" అని పెట్టేసింది. మళ్లీ ఫోన్ రాలేదు. ఆ ఉద్యోగం పోవడానికి అదే కారణమా, ఇంకోటేదైనా ఉందా అన్నది మాకు ఈనాటికీ తెలియదు. కానీ వాడు ఆ మాట చెప్పినప్పుడు వాడి మొహం ఎట్లా ఉందో మాకు ఇప్పటికీ గుర్తే. అబద్ధం నేర్పింది మేము, సిగ్గుపడింది వాడు.

అందుకే అమ్మాయికి మెయిల్ వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ జ్వరం పేరెత్తలేదు.

మెయిల్ వచ్చింది ఆగస్టు 13, మంగళవారం మధ్యాహ్నం. అప్పటికి ఆన్‌లైన్ పరీక్ష, వీడియో కాల్‌లో ఒక టెక్నికల్ రౌండు అయిపోయాయి. మిగిలింది ఆఫీసులో ముఖాముఖి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, దానికి తొలి ఉద్యోగం. సోమవారం పదకొండింటికి పుణెలో కూర్చోవాలంటే ఆదివారమే బయలుదేరాలి. ఇక్కణ్ణుంచి పుణె దాదాపు 250 కిలోమీటర్లు, రైల్లో నాలుగు గంటల పైమాటే. అంటే పౌర్ణమి పూర్తిగా పోయినట్టే.

ఒక్క ఏడాది పోతే ఏమవుతుంది అని మీరు అడగవచ్చు. మేమూ అడుక్కున్నాం. మామూలు ఏడాదైతే "వెళ్లిరా తల్లీ" అనేవాళ్లమే. ఆ ఏడు మాత్రం తాతకు మోకాళ్లు పూర్తిగా పట్టేశాయి. వీధి మొదట్లో కుర్చీ వేయించుకుని రథాన్ని కూర్చునే చూస్తానని, పక్కన మనవరాలు ఉండాలని రెండు నెలల ముందే చెప్పాడు. వయసులో ఉండగా మగ్గం మీద కూర్చున్నవాడు, తర్వాత పవర్‌లూమ్ ఖార్ఖానాలో తువ్వాళ్లు నేసినవాడు. ఆ ఒక్కరోజు తప్ప మరే రోజూ సుట్టి అడిగి ఎరగడు. అమ్మాయి దాన్ని పండుగగా చూడలేదు, తాతకు ఇచ్చిన మాటగా చూసింది.

మెయిల్ చూడగానే తాత "నా గురించి ఆగకు, పో" అన్నాడు. నాయనమ్మ మాత్రం "గా పిల్లకు ఫోన్ చేసి మన మార్కండేయుని సంగతంతా చెప్పు, యముడి పాశం సంగతి చెప్పు, భావనారుషి సంగతి చెప్పు, వాళ్లు మాత్రం మనుషులు కారా" అంది. మాలో ఒకరిది ఇంకో మాట: "వ్యక్తిగత కారణాలు" అని రాసి ఊరుకుంటే సరిపోతుంది, ఎవరికీ ఏమీ విప్పి చెప్పే పని లేదు. మూడు సలహాలూ తప్పేనని ఆ రాత్రి మాకు చెప్పింది మా చెల్లెలి కొడుకు. వాడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఇంటర్వ్యూల టైములు కుదిర్చే పనిలో రెండేళ్లు ఉన్నాడు. వాడు చెప్పింది విన్నాకే, మెయిల్ పంపే అవతలి మనిషి బల్ల మీద ఏముంటుందో మాకు తెలిసింది.

మనం రిక్రూటర్ అంటే ఉద్యోగం ఇచ్చే మనిషి అనుకుంటాం. కాదు. ప్రశ్నలడిగేది ప్యానెల్, అంటే ఆ టీములో పనిచేసే ఇద్దరు ముగ్గురు. వాళ్లకు వాళ్ల పని ఉంటుంది. ఇంటర్వ్యూ కోసం వాళ్ల క్యాలెండర్లలో ఒకే గంట ముగ్గురికీ ఖాళీ దొరకాలి. ఆ గంట వెతికి పట్టుకోవడమే రిక్రూటర్ పనిలో పెద్ద భాగం. మనం "ఆ రోజు కుదరదు" అంటే ఆ వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది. పండుగ అంటే చిరాకు పడతారని మనం అనుకుంటాం గాని, చిరాకు పండుగ మీద కాదు, కొత్త గంట వెతకాల్సి వచ్చినందుకు. కాబట్టి ఆ వెతుకులాట ఎంత తగ్గిస్తే అడగడం అంత తేలిక.

రెండోది, వాడు చెప్పేదాకా మాకు తోచనిది. ఇంటర్వ్యూ వాయిదా అడగగానే రిక్రూటర్‌కు మొదట వచ్చే అనుమానం "ఈ పిల్లకు వేరే ఆఫర్ వచ్చిందేమో" అని. ఆఖరి రౌండు దాకా వచ్చి జారిపోయేవాళ్లు చాలామంది ఉంటారట. వాళ్లు ముందు ఒకసారి టైం మార్చమంటారు, తర్వాత ఫోన్ ఎత్తరు. "వ్యక్తిగత కారణాలు" అన్న మాట సరిగ్గా వాళ్లు వాడేదే. పైగా రిక్రూటర్ ఆ మాటను ప్యానెల్‌కు చెప్పాలి. చెప్పడానికి చేతిలో ఏమీ ఉండదు. కారణం ఒక్క ముక్కలో, నిజంగా ఉంటే, ఆమె దాన్ని ఉన్నదున్నట్టు ముందుకు పంపేస్తుంది. యముడి పాశం దాకా వెళ్తే చదవదు. చదివినా, బతిమాలుతున్నట్టు ఉంటుంది.

ఇంతకీ మన పండుగకు ఏం పేరు పెట్టాలి? ఇక్కడ చాలాసేపు తకరారు నడిచింది. రాఖీ అని రాస్తే అందరికీ అర్థమవుతుంది గాని, అది మాకున్న కారణం కాదు. పైగా రాఖీకి రోజంతా ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది. "మార్కండేయ రథోత్సవం" అని మాత్రమే రాస్తే, ఎక్కడో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన రిక్రూటర్‌కు ఏమీ తెలియదు. చివరికి "మా కులదైవం వార్షిక రథోత్సవం" అన్నది నిలబడింది. దాని పక్కనే, తేదీ తిథిని బట్టి వస్తుంది అన్న మాట చేర్చాం. ఇది చిన్న మాటే గాని ముఖ్యం. మన పౌర్ణమి 2024లో 19న వస్తే, 2025లో ఆగస్టు 9న వచ్చింది. ఏటా మారే తేదీ చూసి, మనమే వీలును బట్టి పెట్టుకునే ఫంక్షన్ అనుకునేవాళ్లు ఉంటారు. మార్చలేనిదని తెలియాలి.

తేదీ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 2023లో పౌర్ణమి తిథి ఆగస్టు 30న పొద్దెక్కాక మొదలై 31 పొద్దున్నే అయిపోయింది. రాఖీ ఏ రోజని దేశమంతా తర్జనభర్జన పడింది. అట్లాంటి ఏడు గోడ మీది క్యాలెండర్ చూసి తేదీ అడిగేసి, తర్వాత "క్షమించండి, ఆ రోజు కాదట, మర్నాడట" అని రెండో మెయిల్ పెడితే ఇక ఎవరూ నమ్మరు. అడిగే ముందు గుడికి ఒకసారి ఫోన్ చేసి తేదీ గట్టి చేసుకోవాలి. 2024లో తిథికి ఆ తిప్పలు లేవు. అయినా మేము అడిగే రాశాం.

ఆ సాయంత్రం ఏడింటికి, అంటే వాళ్ల మెయిల్ వచ్చిన ఐదారు గంటల్లోనే, అమ్మాయి జవాబు పంపింది. ఇంగ్లీషులో రాసింది. దాన్ని తెలుగులో చెబితే ఇట్లా ఉంటుంది:

"నమస్తే మేడం. ఆఖరి రౌండుకు పిలిచినందుకు ధన్యవాదాలు. తప్పకుండా వస్తాను. ఆగస్టు 19న సోలాపూర్‌లో మా కులదైవం వార్షిక రథోత్సవం ఉంది. తిథిని బట్టి వచ్చే రోజు కాబట్టి మార్చుకోలేం. ఆ ఒక్క రోజు తప్పిస్తే, 16 శుక్రవారం ఎప్పుడైనా, 20 మంగళవారం మధ్యాహ్నం 12 తర్వాత, 21 బుధవారం రోజంతా పుణె ఆఫీసుకు రాగలను. ప్యానెల్‌కు వీటిలో ఏది వీలైతే అది ఖాయం చేయండి."

అంతే. పాత మెయిల్‌కే జవాబుగా పంపింది, పైన ఉద్యోగం పేరు, దరఖాస్తు నంబరు అట్లాగే ఉండేట్టు. కొత్త మెయిల్ తెరిస్తే అవతలివాళ్లు ఎవరు ఏమిటని వెతుక్కోవాలి.

మొదట "వస్తాను" అని ఉండటం గమనించారా? అది మా చెల్లెలి కొడుకు పట్టుబట్టి పెట్టించిన మాట. మేము రాసిన చిత్తులో మొదటి వాక్యం "క్షమించాలి" అని ఉండింది. క్షమాపణతో మొదలైన మెయిల్ చదివితే రెండో వాక్యానికి ముందే "ఈ పిల్ల రాదు" అనుకుంటారట. ఇంకొకటి, ఇచ్చిన మూడు రోజుల్లో ఒకటి వాళ్లడిగిన రోజు కంటే ముందుది. వెనక్కి జరపమని మాత్రమే అడిగేవాళ్లకు చదువుకోవడానికి టైం కావాలని అనుకుంటారు. ముందుకు కూడా వస్తానంటే ఆ అనుమానం ఉండదు. అందుకని ఊరికే రాయకూడదు సుమా, ఆ ముందు రోజు ఇస్తే నిజంగా వెళ్లాలి. అమ్మాయి పదిహేనో తారీఖు రైలుకు టికెట్ దొరుకుతుందో లేదో చూసుకునే ఆ మాట రాసింది.

మంగళవారం "12 తర్వాత" అన్నదాని మీద మాత్రం మాకు, దానికి గొడవైంది. "తొమ్మిదింటికైనా వస్తానని రాయి, శ్రద్ధ కనపడుతుంది" అన్నాం మేము. "రథం రాత్రి దాకా ఉంటుంది. అప్పుడు బస్సెక్కి, నిద్ర లేకుండా పొద్దున తొమ్మిదింటికి పోయి ఏం చెబుతా? ఇచ్చిన టైముకు పోలేకపోతే అది ఇంకా పాడు కదా అమ్మా" అంది. అదే నిజం. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చేరవచ్చు. శ్రద్ధ చూపించబోయి చేరలేని టైము రాసి ఇచ్చినవాళ్లు, తర్వాత రెండోసారి మార్చమని అడగాల్సి వస్తుంది. ఒకసారి అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. రెండోసారి అడిగినప్పుడే పేరు పక్కన గుర్తు పడుతుంది.

సోమవారమే ఆన్‌లైన్‌లో చేస్తామని ఎందుకు అడగలేదు అని మా పక్కింటాయన అడిగాడు. మా వీధిలో ఆ రోజు డోళ్ల మధ్య వీడియో కాల్ ఎట్లా కుదురుతుంది? పెద్దోడి అనుభవం ఒక్కటి చాలు.

అసలు కష్టం మెయిల్ పంపాక మొదలైంది. బుధవారం రోజంతా జవాబు లేదు. గురువారం ఆగస్టు 15, ఆఫీసులు మూత. ఆ ఏడు ఆగస్టు 15 గురువారం కావడంతో, శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే సోమవారం రాఖీ దాకా ఊళ్లకు పోయి రావచ్చని చాలామంది ముందే ప్లాన్ వేసుకున్నారు. ఇది మాకు అప్పుడు తోచలేదు. ఇంట్లో అందరం మౌనాన్నే జవాబు అనుకున్నాం. తాత మంచం మీద నుంచి "చెప్పిన కదా పొమ్మని" అంటూనే ఉన్నాడు.

ఆ రెండు రోజుల్లోనే అసలు ప్రశ్న తేల్చుకున్నాం: వాళ్లు "19 తప్ప కుదరదు" అంటే వెళ్తావా, వెళ్లవా? ఇది మెయిల్ పంపే ముందే తేల్చుకోవాల్సింది, మేము ఆలస్యం చేశాం. అమ్మాయి రాత్రంతా ఆలోచించి, వెళ్తానంది. తాతే అందుకు సంతోషించాడు. అప్పుడు ఇంకో మాట వచ్చింది. అట్లయితే "వేరే రోజు కుదరకపోతే 19నే వస్తాను" అని ఇప్పుడే రాసేస్తే సరి కదా, ఉద్యోగం భద్రం అవుతుంది. మాలో ఒకరికి ఇది బాగా నచ్చింది. ఇంకొకరికి నచ్చలేదు. ఆ వాక్యం చూస్తే ఏ రిక్రూటరైనా వేరే గంట వెతకడం మానేసి 19నే ఉంచుతుంది, ఎందుకు ఉంచదు? చివరికి ఆ మాట చేతిలో ఉంచుకున్నాం. వాళ్లు కాదంటే ఫోన్‌లో చెప్పాలి, కాదనకముందే చెప్పకూడదు. పరీక్షల లాంటి వాటికి మాత్రం ఈ మాట అసలు పనికిరాదు. రాలేని రోజున రాగలనని చెప్పడమే అవుతుంది.

శుక్రవారం పొద్దున పదింటికి అమ్మాయి ఒక్క వాక్యం పంపింది: మంగళవారం పంపిన మెయిల్ చూశారా, 20, 21 ఇప్పటికీ నాకు వీలే అని. శుక్రవారం మాట ఎత్తలేదు, అది ఎట్లాగూ దాటిపోయింది. పన్నెండున్నరకు ఫోన్ వచ్చింది. రిక్రూటర్ హిందీలో మాట్లాడింది. మెయిల్ బుధవారమే చూసిందట, ప్యానెల్‌కు పంపిందట, అందులో ఒకాయన సెలవులో ఉండి ఆ పొద్దున్నే జవాబు ఇచ్చాడట. "సోమవారం ఆయన కూడా చెల్లెలి ఇంటికి వెళ్లాలనుకుంటున్నాడు, మీరు మార్చమనడం ఆయనకూ మంచిదైంది" అని నవ్వింది. మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు పెట్టారు. అమ్మాయి పొంగిపోయింది గాని, మా చెల్లెలి కొడుకు ఇంకా ఒప్పుకోలేదు. "క్యాలెండర్ ఇన్వైట్ కొత్త టైముతో వచ్చిందా?" అని అడిగాడు. రాలేదు. పాతది సోమవారం 11 గంటలకే ఇంకా అట్లాగే ఉంది. నోటిమాటతో మారి, ఇన్వైట్ మారకపోతే, సోమవారం ప్యానెల్‌లో ఒకరు గదిలో కూర్చుని "అభ్యర్థి రాలేదు" అని రాసుకునే అవకాశం ఉందట. అమ్మాయి మళ్లీ మర్యాదగా, "ఫోన్‌లో చెప్పినట్టు 20న 2:30కు వస్తాను, ఇన్వైట్ మార్చగలరా" అని రాసింది. సాయంత్రానికి పాతది రద్దయి కొత్తది వచ్చింది. అప్పుడు తాతకు చెప్పాం.

ఇక్కడ ఒక అదృష్టం ఉంది, దాచడం ఎందుకు. మాతో మాట్లాడింది కంపెనీ సొంత రిక్రూటర్. చాలాసార్లు ఫోన్ చేసేది మధ్యలో ఉండే కన్సల్టెన్సీ మనిషి. వాళ్లకు చెప్పిన కారణం కంపెనీ దాకా చేరుతుందో లేదో తెలియదు. "సరే సరే" అంటారు, అవతల ఏం చెబుతారో. అట్లాంటప్పుడు ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా, అదే మాట రాసి పంపి, ప్యానెల్‌కు ఎవరు తెలియజేస్తున్నారని అడగడం తప్పు కాదు.

అన్నీ అడగదగ్గవి కావు కూడా. కాలేజీకి కంపెనీ వచ్చి ఒకే రోజు అందరినీ చూసి వెళ్లే క్యాంపస్ డ్రైవ్‌ను ఒక్కరి కోసం మార్చరు. ఆన్‌లైన్ పరీక్ష లింకు రెండు మూడు రోజులు తెరిచి ఉంచితే, పండుగ ముందు రోజు రాత్రే కూర్చుని రాసెయ్యాలి గాని, ఆఖరి రోజు పండుగ అని మెయిల్ పెట్టకూడదు. పరీక్షలకు అడగడం అన్నిటికన్నా తేలిక. మా మేనల్లుడికి చివరి సెమిస్టరులో ఇట్లాగే అయితే, యూనివర్సిటీ టైంటేబుల్ జతచేసి, తన సబ్జెక్టుల తేదీలకు గీత గీసి పంపాడు, ఒక్క రోజులో మార్చారు. తర్వాత యూనివర్సిటీ ఆ పరీక్షనే వాయిదా వేసింది. వాడు ఆ సంగతి కూడా వెంటనే రాసి, ఆ రోజు ఇప్పుడు ఖాళీయేనని చెప్పాడు. అది మాకు బాగా నచ్చింది.

పెళ్లిళ్ల విషయంలో మా ఇంట్లో కాస్త కఠినమే. తోడబుట్టినవాళ్ల పెళ్లికి అడగొచ్చు, మేనమామ కొడుకు పెళ్లికి అడగొద్దు అన్నది మా మాట. మా బంధువుల్లో చాలామందికి ఇది నచ్చదని తెలుసు.

పౌర్ణమి నాడు తాత కుర్చీలో, అమ్మాయి పక్కన నిలబడి. రథం మా వీధి మలుపు తిరిగేసరికి బాగా ఆలస్యమైంది. రాత్రి పడుకునేసరికి పదకొండు, పొద్దున రైలుకు లేవాలి. మంగళవారం ప్యానెల్‌లో ఒకాయన మొదటి ప్రశ్నగా "రథోత్సవం ఎట్లా జరిగింది?" అని అడిగాడట. అమ్మాయి ఒక్క నిమిషం చెప్పింది. చెప్పడానికి నిజం ఉంది కాబట్టి తడబడలేదు.

సెప్టెంబరులో ఆఫర్ వచ్చింది. చేరాల్సిన తేదీ అక్టోబరు 7, సోమవారం. పంచాంగం తీస్తే సద్దుల బతుకమ్మ 10వ తేదీ, గురువారం. నాయనమ్మకు బతుకమ్మ అంటే ప్రాణం, మనవరాలితో కలిసి పేర్చడం అంటే ఇంకా. "ఒక్క వారం ఆగి చేరుతానని అడుగు, అప్పుడు ఇచ్చారు కదా" అంది. చేరే తేదీని ఆఫర్ మీద సంతకం పెట్టకముందు అడగడంలో తప్పు లేదు. చేరాక మొదటి వారంలో సెలవు అడగడం కంటే అది ఎంతో మేలు. అమ్మాయి అడగడానికి ముందు రిక్రూటర్‌కు ఫోన్ చేసి, కొత్తవాళ్లు విడివిడిగా చేరతారా, అందరూ కలిసా అని కనుక్కుంది. అందరూ కలిసేనట. ఆ సోమవారం నుంచే శిక్షణ, తప్పితే తర్వాతి బ్యాచ్, అది ఎప్పుడో ఇంకా ఖాయం కాలేదు. ఇక అడగలేదు. తేదీ మార్చమనకుండా ఎట్లా చేరతారో మాత్రమే అడిగింది కాబట్టి అవతలివాళ్లకు అనుమానం వచ్చే పనీ లేదు.

సద్దుల నాడు నాయనమ్మ బతుకమ్మను ఒక్కతే పేర్చింది. వీడియో కాల్‌లో అమ్మాయికి చూపించాం. పుణెలో పీజీ గదిలో కూర్చుని అది తంగేడు పూలు ఎక్కడ దొరికాయని అడిగింది. నాయనమ్మ జవాబు చెప్పలేదు, ఫోన్ మాకిచ్చి లోపలికి పోయింది. శుక్రవారం రాత్రి బస్సుకు వచ్చేసింది గాని, శనివారం దసరా పూటంతా ఇద్దరి మధ్యా మాటలు కొంచెం తక్కువే.

2025లో పౌర్ణమి శనివారం పడింది, ఎవరినీ ఏమీ అడిగే పని లేకపోయింది. 2026లో ఆగస్టు 28, శుక్రవారం. అమ్మాయి ఆ తేదీని గుడివాళ్లతో గట్టి చేసుకోమని మాకు ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది.